వాలు రెక్కల లెక్క

పదకొండు కిలోమీటర్ల ఎత్తులో ధ్వని వేగం గంటకు దాదాపు 1,060 కిలోమీటర్లు. ప్రయాణికుల జెట్ విమానం 850 దగ్గర ఎగురుతుంది, అంటే ధ్వని వేగంలో 80 శాతం. విమానం ధ్వనిని దాటకపోయినా, రెక్క పైన గాలి కొంతమేర దాటేస్తుంది. ఉబ్బెత్తుగా ఉన్న పైభాగం మీదుగా పోయేటప్పుడు గాలి వేగం పుంజుకోవడమే దీనికి కారణం.

చిక్కు అక్కడే మొదలవుతుంది. ముందు ఏదో ఉందన్న కబురు గాలిలో పీడనపు అలలుగా, ధ్వని వేగంతోనే పాకుతుంది. గాలే అంతకన్నా వేగంగా వస్తుంటే, వెనక నుంచి వచ్చే అలలు ఏటి వడికి ఎదురీదలేని చేపల్లా ఒకచోట ఆగి పోగుపడతాయి. అదే షాక్ వేవ్. వెంట్రుక కన్నా ఎంతో పలచని ఆ పొరలో గాలి ఒక్కసారిగా నెమ్మదించి, పీడనం ఎగబాకుతుంది. కొంత శక్తి వేడిగా మారి వృథా అవుతుంది. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి: ఆ పీడనపు దెబ్బకు రెక్కను అంటిపెట్టుకున్న గాలిపొర ఊడివస్తుంది. రెక్క వణుకుతుంది, డ్రాగ్, అంటే విమానాన్ని వెనక్కి లాగే బలం, నిట్టనిలువుగా పెరుగుతుంది. ఎండ సరైన కోణంలో పడితే, కిటికీ పక్కన కూర్చున్నవారికి రెక్కపై సన్నని నీడగీత కదలాడుతూ కనిపిస్తుంది. అది షాక్ వేవ్ నీడే.

దీనికి విరుగుడును జర్మన్ శాస్త్రవేత్త అడాల్ఫ్ బుసెమాన్ 1935లో రోమ్ సదస్సులో సూచించాడు. ఆయన మాట్లాడింది ధ్వనిని మించిన వేగాల గురించి. ధ్వనికి కాస్త దిగువన కూడా ఈ ఉపాయం పనిచేస్తుందని తర్వాత తేలింది. రెక్కను వెనక్కి వాల్చితే, ఎదురొచ్చే గాలి వేగాన్ని రెండు పాళ్లుగా చూడవచ్చు. రెక్క పొడవునా జారే పాలును ఉబ్బు పెద్దగా మార్చదు. రెక్కకు అడ్డంగా తగిలే పాలే వేగం పుంజుకుంటుంది. 35 డిగ్రీలు వాల్చితే ఆ పాలు 82 శాతమే. 850 వేగంతో పోతున్నా, రెక్క అంచనాలో అది దాదాపు 700.

1945 మేలో బోయింగ్ ఇంజినీర్ జార్జ్ షైరర్ జర్మనీలో ఈ పరిశోధన పత్రాలు చూసి, సియాటిల్‌కు ఉత్తరం రాశాడు. నిటారు రెక్కలతో గీసిన బాంబర్ నమూనాను బోయింగ్ మార్చేసింది. 35 డిగ్రీల వాలు రెక్కల బీ-47 1947 డిసెంబర్ 17న తొలిసారి ఎగిరింది.

కాగితం మీది లాభం మొత్తం చేతికి రాదు. రెక్క మొదట్లోనూ, కొనలోనూ ఈ లెక్క సరిగా కుదరదు. పైగా నెమ్మదిగా ఎగిరేటప్పుడు వాలు రెక్క తక్కువ ఎత్తుబలాన్ని ఇస్తుంది. అంటిపెట్టుకున్న గాలిపొర కొనవైపు జారి అక్కడ మందమవుతుంది, ముందుగా కొనలే పట్టు తప్పుతాయి. అవి వెనక ఉన్నందున, ముక్కు హఠాత్తుగా పైకి లేస్తుంది. రష్యన్ మిగ్-15 రెక్కల మీద నిలబెట్టిన పలుచని రేకు కంచెలు ఆ జారుడును ఆపడానికే.