గేజీ పెరిగింది.. నీరు పెరగలేదు!
కాలువ నీటి కొలతలో పార్షల్‌ ఫ్లూమ్‌, వెడల్పు అలుగుల మధ్య తేడా ఇదీ

మేజరు కాలువ తూము వద్ద 16 క్యూసెక్కులు వదిలినట్లు రిజిస్టరులో ఉంటుంది. చివరి భూముల రైతులు మాత్రం అంత నీరు రాలేదంటారు. ఇలాంటి వివాదాల్లో పై రైతులు నీరు మళ్లించారనో, సిబ్బంది లెక్క తప్పు రాశారనో ఆరోపణలు రావడం పరిపాటి. అయితే ఎవరూ తప్పు చేయకపోయినా లెక్క తప్పే అవకాశం ఒకటుంది. కాలువలో కట్టిన కొలత నిర్మాణం దిగువ నీటిలో మునిగితే, పారే నీరు పెరగకుండానే గేజీ పెరుగుతుంది. ఏ నిర్మాణం ఎంత త్వరగా మునుగుతుందన్నదే పార్షల్‌ ఫ్లూమ్‌కు, బ్రాడ్‌ క్రెస్టెడ్‌ వియర్‌కు మధ్య ఉన్న అసలు తేడా.

రెండింటి సూత్రం ఒక్కటే

కాలువలో లోతు చూసినంత మాత్రాన ప్రవాహం ఎంతో తెలియదు. దిగువన పూడిక పేరుకున్నా, తూటుకాడ పెరిగినా అదే నీరు ఎక్కువ లోతున నిలుస్తుంది. అందుకే ఒకచోట నీటిని ఇరుకు దారిలో నుంచి గాని, ఎత్తయిన గట్టు మీదుగా గాని వేగంగా పోనిస్తారు. ఆ వేగం ఒక హద్దు దాటితే దిగువన జరిగే మార్పుల ప్రభావం ఎగువకు పాకదు. అప్పుడు ఎగువన ఉన్న గేజీ ఒక్కటి చూస్తే చాలు, ఎన్ని క్యూసెక్కులు పారుతున్నదీ పట్టికలో దొరుకుతుంది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు.

పార్షల్‌ ఫ్లూమ్‌ను అమెరికాలోని కొలరాడో రాష్ట్రం ఫోర్ట్‌ కాలిన్స్‌లో సాగునీటి ఇంజినీరు రాల్ఫ్‌ పార్షల్‌ 1920వ దశకంలో రూపొందించారు. పక్క గోడలు క్రమంగా దగ్గరై ‘గొంతు’ అనే ఇరుకు భాగానికి చేరి, తిరిగి వెడల్పవుతాయి. 3 అడుగుల గొంతున్న ఫ్లూమ్‌ను తీసుకుంటే, ఎగువ భాగంలో నేల సమతలంగా ఉంటుంది. గొంతులో 2 అడుగుల పొడవున 9 అంగుళాలు కిందకు దిగుతుంది. ఆ తర్వాతి 3 అడుగుల్లో 6 అంగుళాలు పైకి లేస్తుంది.

బ్రాడ్‌ క్రెస్టెడ్‌ వియర్‌ అంటే చెరువు అలుగు వంటిదే. కాలువకు అడ్డంగా, పైభాగం చదునుగా ఉండే వెడల్పాటి గట్టు కడతారు. ఎగువ వైపు 3 అడుగుల పొడవుకు అడుగు చొప్పున లేచే వాలు ఉంటుంది. లైనింగ్‌ చేసిన కాలువలో పక్క గోడలను కదిలించనక్కర లేదు, అడుగు భాగాన్ని ఎత్తు చేస్తే సరిపోతుంది. అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లోని అమెరికా వ్యవసాయ శాఖ ప్రయోగశాలలో జాన్‌ రెప్లోగల్‌, ఆయన సహచరులు ఈ రకం అలుగును సాగునీటి కాలువలకు అనువుగా తీర్చిదిద్దారు.

నాలుగు క్యూసెక్కుల మాయ

3 అడుగుల గొంతున్న పార్షల్‌ ఫ్లూమ్‌నే ఉదాహరణగా చూద్దాం. గేజీ సున్నా గుర్తు ఎగువ భాగపు నేల మట్టంలో ఉంటుంది. గేజీ అర అడుగు చూపితే సుమారు 4 క్యూసెక్కులు, అడుగు చూపితే 12, 1.2 అడుగులు చూపితే 16 క్యూసెక్కులు పారుతున్నట్లు లెక్క.

ఈ లెక్క నిలవాలంటే ఒక షరతు ఉంది. గొంతు చివర రెండో గేజీ ఉంటుంది. దాని సున్నా కూడా అదే మట్టంలో పెడతారు. దిగువ గేజీ రీడింగు, ఎగువ రీడింగులో 70 శాతం మించకూడదు. ఒక అడుగు నుంచి 8 అడుగుల వరకు గొంతున్న ఫ్లూమ్‌లకు ఇదే హద్దు. అంటే ఎగువన అడుగు ఉంటే దిగువన 0.7 అడుగు వరకే ఉండాలి.

ఇప్పుడు 12 క్యూసెక్కులు పారుతుండగా దిగువన గుర్రపుడెక్క అడ్డుపడి నీరు ఎగదన్నిందనుకుందాం. ఎగువ గేజీ 1.2 అడుగులకు, దిగువ గేజీ 1.1 అడుగులకు చేరాయి. నిష్పత్తి 92 శాతానికి దగ్గరగా ఉంది. ఫ్లూమ్‌ మునిగిపోయింది. రెండు గేజీలూ చూసి సవరణ పట్టిక ప్రకారం లెక్కిస్తే ప్రవాహం సుమారు 12 క్యూసెక్కులే. ఎగువ గేజీ ఒక్కటే చూసిన లస్కరు 16 అని రాస్తాడు. ఆయన చూసిన అంకె నిజమే, వాడిన పట్టికా సరైనదే, రాసిన లెక్క మాత్రం తప్పు.

లేని ఆ 4 క్యూసెక్కులు తక్కువేమీ కాదు. 4 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే సుమారు 8 ఎకరాల్లో అడుగు లోతున నీరు నిలుస్తుంది. తడికి 3 అంగుళాల చొప్పున చూస్తే అది 32 ఎకరాల తడి. వారబందీలో ఒక వర్గానికి ఆ నీరు ఇచ్చినట్లు రిజిస్టరులో ఉంటుంది, చేలో మాత్రం ఉండదు.

అలుగుకు ఓర్పు ఎక్కువ

అదే కాలువలో 4 అడుగుల వెడల్పున అలుగు కడితే, 12 క్యూసెక్కులు దానిపై సుమారు అడుగు లోతున పారతాయి. దిగువ నీటి మట్టం అలుగు మట్టానికి పైన సుమారు 0.8 అడుగు వరకు లేచినా ఎగువ గేజీ చెదరదు. దిగువ వైపు కూడా ఏటవాలు కడితే ఈ హద్దు 0.9 అడుగు వరకు పోతుంది.

70 శాతానికి, 80-90 శాతానికి తేడా పల్లపు కాలువలో తెలుస్తుంది. దిగువన నీరు గరిష్ఠంగా 2 అడుగుల లోతు నిలుస్తుందనుకుందాం. పార్షల్‌ ఫ్లూమ్‌ మునగకుండా ఉండాలంటే దాని నేలను కాలువ అడుగు నుంచి 1.3 అడుగుల ఎత్తున పెట్టాలి. దానిపై అడుగు నీరు కలిపితే ఎగువన లోతు 2.3 అడుగులవుతుంది. అలుగును 1.2 అడుగుల ఎత్తున కడితే సరిపోతుంది, ఎగువ లోతు 2.2 అడుగులు. దిగువ ఏటవాలు కూడా ఉంటే అలుగు ఎత్తు 1.1 అడుగులు, ఎగువ లోతు 2.1 అడుగులే. అంటే కొలత కోసం పార్షల్‌ సుమారు 0.3 అడుగు మట్టాన్ని తీసుకుంటే, అలుగు 0.1 నుంచి 0.2 అడుగు తీసుకుంటుంది.

0.3 అడుగు అంటే మూడున్నర అంగుళాలే. అయితే 10 వేల అడుగులకు ఒక అడుగు చొప్పున దిగే కాలువలో, ఆ మూడున్నర అంగుళాల పెరుగుదల సుమారు 3 వేల అడుగుల ఎగువ వరకు నీటిని ఎగదన్నుతుంది. ఆ మేరకు గట్లపై మిగులు ఎత్తు తగ్గుతుంది. మధ్యలోని తూములు తమ వాటాకు మించి లాగుతాయి. గోదావరి, కృష్ణా డెల్టాల్లోని పల్లపు కాలువల్లో ఈ తేడాయే నిర్ణయం చేస్తుంది. మెట్ట ప్రాంతపు కాలువల్లో డ్రాపులు ఉంటాయి. డ్రాపుకు సరిగ్గా ఎగువన పార్షల్‌ కడితే మునిగే భయం ఉండదు. కావలసిన పతనం అక్కడ ముందే ఉంది.

కొలతలు తప్పితే..

పార్షల్‌ పట్టికలు ప్రయోగశాలలో నీరు పారించి తయారు చేసినవి. గోడల కోణం, గొంతు పొడవు, నేల వాలు అన్నీ పట్టికలోని కొలతల ప్రకారమే ఉండాలి. మేస్త్రీ గొంతును 3 అడుగుల ఒక అంగుళం కడితే ప్రవాహం సుమారు 3 శాతం తేడా వస్తుంది. గొంతులో నేల వాలు మారితే తేడా ఎంతో చెప్పడానికి పట్టికే లేదు.

అలుగుకు ఈ చిక్కు తక్కువ. దాని ప్రవాహాన్ని సిద్ధాంతం ప్రకారం లెక్కగట్టవచ్చు. కట్టాక అసలు కొలతలు తీసుకుని కంప్యూటరులో కొత్త పట్టిక వేసుకోవచ్చు. ఇందుకు అమెరికా రెక్లమేషన్‌ బ్యూరో అందించే ‘విన్‌ఫ్లూమ్‌’ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. చదును భాగం పొడవు మాత్రం దానిపై పారే నీటి గరిష్ఠ లోతుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. అంతకంటే పొట్టిగా ఉంటే లెక్క కుదరదు.

అలా అని అలుగు అన్నిటా మేలు కాదు. బురద నీరు ఎక్కువగా వచ్చే కాలువలో అలుగు ముందు వేగం తగ్గి పూడిక చేరుతుంది. పార్షల్‌లో నేల ఎదురుగా లేవదు గనుక ఒండ్రు చాలావరకు కొట్టుకుపోతుంది. మరో తేడా కూడా ఉంది. మునిగిన పార్షల్‌కు రెండో గేజీతో సవరణ చేసుకోవచ్చు. నిష్పత్తి 95 శాతం దాటితే ఆ సవరణనూ నమ్మలేం. అలుగు తన హద్దు దాటి మునిగితే సవరణకు ఆధారపడదగ్గ పట్టిక లేదు, కొలత అక్కడితో ఆగినట్లే.

గట్టు మీది నుంచే పట్టుకోవచ్చు

మునిగిందో లేదో చూడటానికి ఇంజినీరే కానక్కర లేదు. సరిగా పనిచేస్తున్న నిర్మాణంలో గొంతు వద్ద లేదా అలుగు అంచున నీటి ఉపరితలం స్పష్టంగా కిందకు వంగుతుంది. ఆ దిగువన నీరు పైకి లేచి నురగతో పొర్లుతుంది. ఆ పొర్లు ఎగువకు జరిగి, ఉపరితలం పై నుంచి కింది వరకు చదునుగా కనిపిస్తే నిర్మాణం మునిగినట్లు. ఆ రోజు ఎగువ గేజీ రీడింగును అలాగే రాయకూడదు.

రెండో పరీక్ష గేజీ సున్నాది. కాలువ కట్టేసిన రోజుల్లో లెవెల్‌ పెట్టి, సున్నా గుర్తు అలుగు మట్టంతోనో, ఫ్లూమ్‌ ఎగువ నేల మట్టంతోనో కలిసిందో లేదో చూడాలి. గేజీ 0.05 అడుగు, అంటే అర అంగుళం పైచిలుకు, కిందకు జారిందనుకుందాం. అడుగు లోతు ప్రవాహంలో లెక్క సుమారు 8 శాతం ఎక్కువ చూపుతుంది. అర అడుగు లోతులో అది 16 శాతం. చివరి ఆయకట్టు మైనర్లలో లోతు తక్కువ గనుక అక్కడే తప్పు పెద్దదవుతుంది. ఈ దోషానికి రెండు నిర్మాణాలూ అతీతం కావు.

1997 నాటి చట్టంతో ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలు కొత్త కొలత నిర్మాణం కోరేటప్పుడు ముందు తేల్చుకోవలసింది ఒక అంకెను. కలుపు బాగా పెరిగిన రోజుల్లో, పూర్తి ప్రవాహంతో, ఆ స్థలానికి దిగువన నీరు ఎంత ఎత్తున నిలుస్తుంది? ఒక సీజను పాటు అక్కడ కర్ర గేజీ పాతి రాసుకుంటే ఆ అంకె దొరుకుతుంది. ఫ్లూమ్‌ నేలనైనా, అలుగు మట్టాన్నైనా దాన్నిబట్టే ఖరారు చేయాలి. పూడిక తీసిన మర్నాటి మట్టం చూసి కట్టిన నిర్మాణం, కలుపు పెరిగే నాటికి మునిగి తప్పు లెక్క చెబుతుంది.