కమీషన్ ఎంత అన్నదొక్కటే కాదు, ఎప్పుడు, ఎవరి నుంచి?

హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకు చూపించిన బ్రోకర్ సాధారణంగా పదిహేను రోజుల అద్దె నుంచి నెల అద్దె వరకు అడుగుతాడు. అమ్మకమైతే ధరలో 1 శాతం, కొన్నిచోట్ల 2 శాతం. అది కూడా కొనేవారి దగ్గర ఒకసారి, అమ్మేవారి దగ్గర ఒకసారి. ‘ఇక్కడ రేటు ఇదే సార్, అందరూ ఇస్తున్నదే’ అన్న మాట వినగానే చాలామంది ఇది ఎక్కడో రాసి ఉన్న నిబంధన అనుకుని తలూపేస్తారు. నిజానికి ఈ రేట్లను ఏ చట్టమూ ఖరారు చేయలేదు. 2016 నాటి రెరా చట్టం ఏజెంట్లకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది తప్ప కమీషన్ శాతాన్ని నిర్ణయించలేదు. వాడుకలో ఉన్నదంతా అలవాటు మాత్రమే, కాబట్టి అంతా బేరానికి లోబడినదే.

ముందు అద్దె సంగతి చూద్దాం. కూకట్‌పల్లిలో నెలకు 24,000 రూపాయల ఇల్లు అనుకుందాం. నెల అద్దె కమీషన్‌గా ఇస్తే 24,000. పదిహేను రోజులకు ఒప్పిస్తే 12,000 మిగులుతుంది. అదే బ్రోకర్ ఓనర్‌తో మాట్లాడి అద్దెను 23,000కు తగ్గిస్తే పదకొండు నెలల అగ్రిమెంటులో 11,000 మిగులుతుంది. రెండూ దాదాపు సమానమే. కానీ రెండోది అక్కడితో ఆగదు. ఏటా పెంచే అద్దెను ఆ 23,000 మీదే లెక్కిస్తారు, కట్టే అడ్వాన్సూ దాని మీదే. అందుకే నాలుగేళ్లు ఉండదలచిన వారు కమీషన్ కన్నా అద్దె మీద ఎక్కువ పట్టు పట్టాలి. ఏడాదిలో ఊరు మారిపోయేవారికి కమీషన్ తగ్గించుకోవడమే లాభం.

అద్దెకుండేవారు మొదటే తేల్చుకోవలసినది మరొకటి ఉంది. పదకొండు నెలలయ్యాక అగ్రిమెంటు మళ్లీ రాసుకునేటప్పుడు కొందరు బ్రోకర్లు మరోసారి కమీషన్ అడుగుతారు. ఇల్లు వెతికే పని అప్పుడు లేదు. కాగితాలు రాయించి పెట్టినందుకు చిన్న మొత్తం అడిగితే ఇవ్వవచ్చు కానీ మళ్లీ నెల అద్దె ఇవ్వవలసిన అవసరం లేదు. ఇల్లు చూడబోయే ముందే ‘రెన్యువల్‌కు కమీషన్ ఉండదు’ అని వాట్సాప్‌లో రాయించుకుంటే తర్వాత వాదన ఉండదు. ఓనర్ దగ్గర కూడా తీసుకుంటున్నాడా అని నేరుగా అడగాలి. రెండు వైపులా తీసుకునే బ్రోకర్‌ను సగానికి ఒప్పించడం తేలిక.

అమ్మకంలో లెక్క వేరు. 80 లక్షల ఫ్లాటుకు 1 శాతం అంటే 80,000. ఇక్కడ గమనించవలసిన కీలకం ఏమిటంటే, బ్రోకర్‌కు ధర తగ్గించే ఆసక్తి ఉండదు. ఓనర్‌ను 76 లక్షలకు ఒప్పిస్తే కొనేవారికి 4 లక్షలు మిగులుతాయి, బ్రోకర్‌కు మాత్రం 4,000 తగ్గుతుంది. ఆ 4 లక్షల కోసం అతను పది రోజులు తిరగడం కన్నా రేపే బయానా ఇప్పించడం అతనికి మేలు. ఇందులో అతని దుర్బుద్ధి ఏమీ లేదు, శాతం లెక్క అలా నడిపిస్తుంది.

దీనికి విరుగుడుగా కమీషన్‌ను మరోలా కుదుర్చుకోవచ్చు. ఇల్లు 80 లక్షలకే కుదిరితే 50,000 స్థిరమైన ఫీజు, అంతకన్నా తగ్గించిన ప్రతి లక్షకు మరో 10,000 అని చెప్పండి. 76 లక్షలకు కుదిరితే బ్రోకర్‌కు 90,000 వస్తుంది. మామూలు 1 శాతం లెక్కన వచ్చే 76,000 కన్నా 14,000 ఎక్కువ. కొనేవారు ఆ 14,000 ఎక్కువ ఇచ్చి 4 లక్షలు మిగుల్చుకుంటారు. అయితే ఇది ఆ బ్రోకర్ అమ్మేవారి దగ్గర పైసా తీసుకోని చోటే చెల్లుతుంది. రెండు చేతులా తీసుకునేవాడు ఎవరి పక్షాన బేరమాడతాడో తెలియదు.

ప్లాట్లు, పొలాల అమ్మకంలో ఇంకో పద్ధతి విస్తారంగా ఉంది. ‘మీకు చేతికి ఎంత రావాలో చెప్పండి, పైది నేను చూసుకుంటాను’ అని బ్రోకర్ ఓనర్‌ను అడుగుతాడు. ఓనర్ 40 లక్షలంటే కొనేవారికి 46 చెబుతాడు. పైగా కొనేవారి దగ్గర 1 శాతం విడిగా తీసుకుంటాడు. కాగితం మీద కమీషన్ 46,000, నిజానికి అతనికి అందేది 6,46,000. ఇలా జరుగుతోందని ఎలా తెలుస్తుంది? ఓనర్‌ను బయానాకు ముందు కలవనివ్వకపోవడం, అగ్రిమెంటును తన పేరిటో తనవాళ్ల పేరిటో రాయించుకోవడం, డబ్బులో కొంత తనకు విడిగా ఇమ్మనడం దీని గుర్తులు. ఓనర్‌ను ముఖాముఖి కలిసి ధర ఆయన నోటే విని, మొత్తం డబ్బు ఆయన బ్యాంకు ఖాతాకే వేస్తే ఈ దారి మూసుకుపోతుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 216వ సెక్షన్ ప్రకారం, యజమానికి తెలియకుండా ఏజెంటు సొంత లాభానికి లావాదేవీ నడిపితే ఆ లాభాన్ని యజమాని రాబట్టుకోవచ్చు.

ఇక ఎప్పుడు చెల్లించాలి? శాతం కన్నా దీని మీదే ఎక్కువ గొడవలు వస్తాయి. బ్రోకర్ సాధారణంగా సేల్ అగ్రిమెంటు రోజే మొత్తం అడుగుతాడు. ఆ తర్వాత ప్లాను అతిక్రమించి కట్టారనో, లింకు పత్రాల్లో లోటు ఉందనో బ్యాంకు లోను ఇవ్వకపోతే లావాదేవీ ఆగిపోతుంది, కమీషన్ తిరిగి రాదు. కాంట్రాక్టు చట్టం 219వ సెక్షన్ చెప్పేది కొనేవారికి అనుకూలం: వేరే ఒప్పందం లేనప్పుడు, అప్పగించిన పని పూర్తయ్యాకే ఏజెంటుకు ప్రతిఫలం చెల్లించవలసి ఉంటుంది. అయితే ‘అగ్రిమెంటు రోజునే ఇస్తాను’ అని ముందే మాటిచ్చి ఉంటే ఆ మాటే నిలుస్తుంది. అందుకే మొదటే 25 శాతం అగ్రిమెంటుకు, మిగిలిన 75 శాతం రిజిస్ట్రేషన్ రోజుకు అని కుదుర్చుకోవాలి. బయానా ఇచ్చాక లోను లీగల్ పరిశీలనలో ఆగిపోతే ఇచ్చిన కమీషన్ తిరిగివ్వాలన్న మాట కూడా అందులో చేర్చాలి.

బిల్డర్ కొత్త ప్రాజెక్టులో అమ్మే ఫ్లాటుకు ఏజెంటు ఫీజును సాధారణంగా బిల్డరే ఇస్తాడు. అక్కడ కొనేవారు మళ్లీ ఇవ్వవలసిన పని లేదు. ఆ ఏజెంటు రెరా నంబరు అడిగి, రాష్ట్ర రెరా వెబ్‌సైటులో చూసుకోవాలి. రిజిస్ట్రేషన్ లేకుండా అలాంటి ప్రాజెక్టులో అమ్మకాలు జరిపితే రోజుకు 10,000 చొప్పున, ఆస్తి విలువలో 5 శాతం వరకు జరిమానా ఉంది. అద్దె ఇళ్లకు ఈ చట్టం వర్తించదు, అక్కడ రాతపూర్వకమైన మాటే రక్షణ.

ఏజెంటు ఏడాది ఆదాయం 20 లక్షలు దాటితే కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ కూడా వేస్తాడు. 80,000 మీద అది 14,400. ‘జీఎస్టీతో కలిపా, విడిగానా’ అన్నది బేరంలోనే తేల్చుకోండి, జీఎస్టీ నంబరున్న బిల్లు తీసుకోండి. రసీదు మరో రకంగానూ అవసరం. ఇల్లు అమ్మినవారు ఇచ్చిన కమీషన్‌ను మూలధన లాభాల పన్ను లెక్కలో ఖర్చుగా తీసివేసుకోవచ్చు, కానీ బ్యాంకు ద్వారా ఇచ్చిన ఆధారం ఉంటేనే అది నిలుస్తుంది. నగదుగా చేతిలో పెట్టిన కమీషన్‌ను పన్ను అధికారి ముందు చూపించడం కష్టం.