గీజర్ కాయిల్ కోసం ఏ ఫొటో తీయాలి?

చలికాలం మొదలైతే ఎలక్ట్రికల్ దుకాణాలవాళ్ళ ఫోన్లకు గీజర్ ఫొటోలు వస్తూనే ఉంటాయి. చాలావాటిలో గోడ మీద తెల్లటి డొప్ప, దాని మీద కంపెనీ పేరు, ఒక ఎర్ర లైటు తప్ప ఇంకేమీ కనిపించదు. కింద మాత్రం “అన్నా, దీనికి కాయిల్ ఉందా?” అని ఉంటుంది. ఆ ఫొటో చూసి కాయిల్ ఇచ్చేవారు అంచనా మీద ఇస్తున్నట్టే. ఒకే ఆకారంలో ఉన్న డొప్ప లోపల ఒక ఏడాది ఒక రకం ఎలిమెంటు, మరో ఏడాది ఇంకో రకం ఉండొచ్చు. పేర్లు వేరైన రెండు గీజర్లలో ఒకే ఎలిమెంటు ఉండనూ వచ్చు. ఫోన్లో అదే ఫొటో పెట్టి వెతికితే దొరికేది కూడా పోలిక మాత్రమే, కొలత కాదు.

ముందుగా కావలసింది గీజర్ అడుగున గానీ పక్కన గానీ అంటించిన స్టిక్కర్ ఫొటో. ఫ్లాష్ వేస్తే అక్షరాల మీద మెరుపు పడి అంకెలు చెరిగిపోయినట్టు వస్తాయి. అందుకని ఫ్లాష్ ఆపేసి, పక్కనుంచి టార్చి వెలుతురు పడేలా పట్టుకుని, ఫోన్‌ను స్టిక్కర్‌కు ఎదురుగా నిలిపి తీయాలి. మోడల్ పేరు, సీరియల్ నంబరు, లీటర్లు, వాట్లు, వోల్టులు స్పష్టంగా రావాలి. గ్యారంటీ ఇంకా మిగిలి ఉందేమో కూడా ఈ సీరియల్ నంబరుతోనే తేలుతుంది. మిగిలి ఉంటే డొప్ప విప్పకుండా కంపెనీ మెకానిక్‌ను పిలవడమే మంచిది.

ఇక లోపలి సంగతి. ఒక ఇంట్లో 15 లీటర్ల నిలువు గీజర్ ఉందనుకుందాం. స్టిక్కర్ మీద 2000 వాట్లు, 230 వోల్టులు అని రాసి ఉంది. బోరు నీళ్ళు. స్విచ్ వేసిన పది నిమిషాలకు ఇంట్లో ఆర్‌సీసీబీ పడిపోతోంది. ఇంటివాళ్ళు థర్మోస్టాట్ పోయిందనుకుని దాని ఫొటో పంపారు. నిజానికి థర్మోస్టాట్ పాడైతే ఎక్కువగా నీళ్ళు అసలు కాగవు, లేదంటే ఆగకుండా కాగుతాయి. ఆర్‌సీసీబీ పడిందంటే కరెంటు ఎక్కడో ఎర్త్‌లోకి కారుతోందని అర్థం. అప్పుడు మొదట అనుమానించాల్సింది ఎలిమెంటునే.

ఎలక్ట్రీషియన్ వచ్చి మెయిన్ ఆపేసి, అడుగు మూత విప్పాడు. ఏ తీగా ఊడదీయకముందే రెండో ఫొటో తీశాడు. ఏ రంగు తీగ ఎక్కడికి వెళ్తోందో తెలియాలంటే ఈ ఫొటోయే ఆధారం. తరువాత ఎలిమెంటు రెండు కొసల తీగలూ తీసి మల్టీమీటర్ పెడితే 27 ఓములు చూపించింది. వోల్టులను వోల్టులతోనే గుణించి, వాట్లతో భాగిస్తే రావలసిన ఓములు వస్తాయి. 230 వోల్టులు, 2000 వాట్లకు లెక్క 26 దాటి వస్తుంది. అంటే లోపలి తీగ తెగలేదు. కొసకూ గొట్టానికీ మధ్య పెడితే మీటరు ఏమీ చూపించలేదు. కానీ ఇక్కడితో ఎలిమెంటు బాగుందని తేల్చేయకూడదు. మల్టీమీటర్ పంపేది కొద్ది వోల్టులే. వేడెక్కి, సన్నని పగులులోంచి తేమ చేరాక వచ్చే లీకేజీ దానికి అందదు. 500 వోల్టులతో పరీక్షించే మెగ్గర్ పెట్టినప్పుడు దోషం బయటపడింది.

ఎలిమెంటు తీయాలంటే నీళ్ళు వచ్చే వాల్వ్ కట్టేసి, వేడినీళ్ళ కుళాయి తెరిచి, ఇన్‌లెట్ వైపు కనెక్షన్ వదులు చేసి ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాలి. బయటికి వచ్చాక అది తెల్లటి సున్నపు పొర కట్టి, అసలు ఆకారమే తెలియకుండా ఉంది. ఇలాగే ఫొటో తీస్తే ఎవరికీ ఉపయోగం లేదు. పొర గీకి, ప్లేటు తుడిస్తే దాని మీద చెక్కిన వాట్లు, వోల్టులు కనిపించాయి. చాలా ఎలిమెంట్ల మీద ఈ ముద్ర ఉంటుంది, కానీ మురికి కింద దాగిపోతుంది.

అసలైన మూడో ఫొటో ఇదే. ఎలిమెంటును కాగితం మీద పరిచి, పక్కన టేపు పెట్టి, సరిగ్గా పైనుంచి తీయాలి. ప్లేటు వ్యాసం, బోల్టులెన్ని, ఎదురెదురు బోల్టు రంధ్రాల మధ్య దూరమెంత, గొట్టం పొడవెంత, థర్మోస్టాట్ కడ్డీ దూరే గొట్టం ఏ పక్క ఉంది అన్నవి అందులో తెలియాలి. రంధ్రాల దూరం రెండు మిల్లీమీటర్లు తప్పినా బోల్టులు కూర్చోవు. బలవంతంగా బిగిస్తే వాషర్ నలిగి నీళ్ళు కారతాయి.

ఫొటోలో దొరకని విషయం ఒకటుంది, ట్యాంకు లోహం. దుకాణంలో ఈ ఇంటివాళ్ళకు ఒకే కొలతలున్న రెండు ఎలిమెంట్లు చూపించారు. ఒకటి రాగిది, రెండోది ఇన్‌కలాయ్ అనే నికెల్ మిశ్రమంతో చేసింది. రాగిది చవక. కానీ వీళ్ళ గీజర్‌ది లోపల గాజుపూత ఉన్న ఉక్కు ట్యాంకు. పూతలో ఎక్కడైనా సూదిమొనంత రంధ్రముంటే, నీళ్ళలో రాగి పక్కనున్న ఉక్కు తొందరగా తినేసుకుపోతుంది. ట్యాంకును కాపాడటానికి పెట్టిన మెగ్నీషియం కడ్డీ కూడా త్వరగా అరిగిపోతుంది. నా మాటగా చెప్పాలంటే, పాత ఎలిమెంటు ఏ లోహానిదో అదే కొనాలి. వాట్లూ అంతే. 2000కు సుమారు 9 ఆంపియర్లు సరిపోతాయి, 3000 పెడితే 13 కావాలి. పాత వైరింగు అది మోస్తుందో లేదో ఎవరూ చూసి ఉండరు.

థర్మోస్టాటే మార్చాల్సి వస్తే చూడవలసింది కడ్డీ పొడవు, ఆంపియర్లు, కొసల అమరిక. కడ్డీ రకాల్లో 7 అంగుళాలవీ, 11 అంగుళాలవీ దొరుకుతాయి. పొడవుది పొట్టి గొట్టంలో దూరదు కనుక తప్పు వెంటనే తెలుస్తుంది. పొట్టిది పొడవు గొట్టంలో సులువుగా కూర్చుంటుంది, అదే ప్రమాదం. చల్లని నీళ్ళు వచ్చి చేరే అడుగు భాగాన్నే అది తెలుసుకుంటుంది కాబట్టి పై నీళ్ళు అవసరానికి మించి కాగిపోతాయి. దాని మీద టీ అక్షరం పక్కన 85 అని ఉంటే నీళ్ళు 85 డిగ్రీల దగ్గర ఆగుతాయని కాదు, స్విచ్ తల తట్టుకునే వేడి అంత అని. పక్కనే ఉండే కటౌట్ బటన్ పైకి వచ్చి ఉంటే నొక్కి ఊరుకోకూడదు. థర్మోస్టాట్ అతుక్కుపోయి నీళ్ళు మితిమీరి కాగాయేమో చూడాలి.

ఇస్త్రీ పెట్టె సంగతి ఇంతకంటే తేలిక. పైభాగం విప్పి అడుగు పళ్ళెం ఫొటో తీయాలి. పోతపోసిన లోహంలోంచే రెండు కొసలు బయటికి వస్తుంటే ఎలిమెంటు విడిగా దొరకదు, పళ్ళెమంతా మార్చాలి. బరువు పలక కింద అభ్రకం రేకు కనిపిస్తే ఆ రేకు ఒక్కటే మార్చుకోవచ్చు. 1000 వాట్ల పెట్టెకు 53 ఓములు, 750కి 70 ఓములు రావాలి.

గీజర్‌లో కొత్త ఎలిమెంటు వేసేటప్పుడు పాత రబ్బరు వాషర్ మళ్ళీ వాడకండి. ట్యాంకు నిండి, వేడినీళ్ళ కుళాయిలోంచి గాలి లేకుండా నీళ్ళ ధార వచ్చేదాకా స్విచ్ వేయకండి. ఖాళీ ట్యాంకులో కరెంటు ఇస్తే కొత్త ఎలిమెంటు కూడా నిమిషాల్లో కాలిపోతుంది.