బరువు తగ్గలేదు, పరుగు తగ్గింది

"మేడమ్, నేను డిగ్రీ రెండో ఏడాది. 800 మీటర్లు పరిగెత్తుతాను. పరీక్షలైనా పొద్దున ఎనిమిది కిలోమీటర్ల పరుగు మానలేదు. గ్రౌండ్ నుంచి వచ్చాక టైముండక టిఫిన్ మానేస్తున్నాను. మధ్యాహ్నం మెస్‌లో అన్నం, రాత్రి కొంచెం, మధ్యలో టీ, బిస్కెట్లు. బరువు 52 కిలోలే, తగ్గలేదు. కానీ టైమింగ్ దెబ్బతింది. రెండు నెలలుగా నెలసరి రాలేదు. పరీక్షల టెన్షన్ వల్లేనా?"

ఈ ఉత్తరం చదివిన స్పోర్ట్స్ డైటీషియన్ ముందు పట్టించుకునేది నెలసరి సంగతే. పరిగెత్తే అమ్మాయిలకు అది మామూలేనన్న మాట మైదానాల్లో తరచూ వినిపిస్తుంది. ఆ మాట తప్పు, ప్రమాదకరం కూడా.

తిన్న దాంట్లోంచి పరుగు తన వాటా తీసుకోగా మిగిలిన శక్తితోనే గుండె, మెదడు, ఎముకలు, హార్మోన్లు నడవాలి. ఈ అమ్మాయి ఒంట్లో కొవ్వు తీసేస్తే బరువు సుమారు 42 కిలోలు అనుకుందాం. అందులో కిలోకు 45 కేలరీల చొప్పున మిగిలితే ఒళ్లు సక్రమంగా నడుస్తుంది. 30 కంటే తగ్గితే చిక్కులు రావచ్చు. అయితే అందరికీ ఒకే గీత ఉండదు. ఆమె తినేది దాదాపు 1500 కేలరీలు. ఎనిమిది కిలోమీటర్లకు 400 పైచిలుకు పోతాయి. మిగిలినవాటిని 42తో భాగిస్తే 26 వస్తుంది. అప్పుడు శరీరం పొదుపులోకి దిగి, ముందుగా నెలసరి లాంటి పనులను ఆపుతుంది. ఖర్చు తగ్గించుకుంటుంది కాబట్టే బరువు కదలకపోవచ్చు. తూకం చూసి ధైర్యపడటం అందుకే మోసం. ఇలాగే సాగితే ఎముకలు పలచబడి, కాలి ఎముకల్లో సన్నని పగుళ్లు రావచ్చు. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఈ స్థితికి 'రెడ్-ఎస్' అని పేరు పెట్టింది. ఇది మగపిల్లలకూ వస్తుంది.

ఆమెకు రోజుకు 2300 కేలరీల దాకా కావాలి, అంటే ఇంకో 800. హాస్టల్లోనే అవి దొరుకుతాయి. పరుగుకు ముందు ఒక అరటిపండు. వచ్చాక నాలుగు ఇడ్లీలు, సాంబారు, గ్లాసు పాలు. పరీక్షకు టైమైపోతుంటే ఇడ్లీలు డబ్బాలో పెట్టుకుని దారిలో తినాలి. సాయంత్రం బిస్కెట్ల బదులు గుప్పెడు వేయించిన పల్లీలు, ఇంకో అరటిపండు. దాదాపు లెక్క సరిపోతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు, గంట ఆగాలి.

పరుగు కూడా తగ్గించాలి. రెండు మూడు వారాలు దూరం సగం చేసినా, వారంలో ఒకటి రెండు రోజులు వేగంగా పరిగెత్తితే సత్తా పెద్దగా పోదు. రాత్రంతా చదివిన మర్నాడు పరుగు జోలికి పోకుండా నిద్రపోవడమే మేలు.

మూడో నెల దాకా ఆగకుండా ఆమె ఇప్పుడే డాక్టరును కలవాలి. థైరాయిడ్, గర్భం లాంటి కారణాలు లేవని తేలాలి, రక్తంలో ఇనుమూ చూడాలి. సరిగా తింటే హుషారు త్వరగానే రావచ్చు. నెలసరి గాడిన పడటానికి మాత్రం నెలలు పట్టవచ్చు కాబట్టి, ఆఖరి పరీక్ష రాశాక కూడా ఇదే తిండి కొనసాగాలి.