కర్రకెంత, ఉక్కుకెంత?

పాత మండువా ఇంట్లో రెండు గదుల మధ్య గోడ తీసేసి ఒకే హాలు చేద్దామనుకోండి. గోడ పోయిన చోట నాలుగు మీటర్ల దూలం పడాలి. పైన అటక, పెంకులు, వాసాలు, దూలం సొంత బరువు అన్నీ కలిపి మీటరుకు సుమారు 800 కిలోలు వస్తుందని లెక్క తేలింది. ఇంటాయనకు ఇనుప గడ్డరు ఇష్టం లేదు, బయటికి టేకే కనబడాలి. దూలం లోతు 200 మిల్లీమీటర్లు దాటితే తలుపు నెత్తికి తగులుతుంది. మూడంగుళాల మందం టేకు బద్దలు రెండు పక్కపక్కనే బిగిస్తే సరిపోతుందా?

సరిపోదు. ఈ బరువుకు దూలం నడిమధ్యన వచ్చే బెండింగ్ మూమెంటు 16 కిలోన్యూటన్ మీటర్లు. రెండు బద్దలూ కలిపి 150 మి.మీ. వెడల్పు, 200 లోతు. అంచున పుట్టే ప్రతిబలం చదరపు మిల్లీమీటరుకు 16 న్యూటన్లు (ఇకపై న్యూటన్లు అని మాత్రమే రాస్తాను). ఇంటి లోపల వాడే మంచి రకం టేకుకు సుమారు 14 వరకే ఒప్పుకుంటారు. పైగా మధ్యలో దాదాపు 27 మి.మీ. కిందికి వంగుతుంది. స్పాన్‌లో 240వ వంతు, అంటే 17 మి.మీ. దాటకూడదన్నది మామూలు హద్దు.

ఇలాంటి ఇరుకులోనే ఫ్లిచ్ బీమ్ పనికొస్తుంది. రెండు కర్ర బద్దల మధ్య ఒక ఉక్కు ప్లేటు నిలువుగా పెట్టి, మూడింటినీ కలిపి బోల్టులతో బిగిస్తారు. ఉక్కు గడ్డర్లు చవకగా దొరకని రోజుల్లో పెద్ద స్పాన్‌లకు ఇదే మార్గం. ఇప్పుడు పాత ఇళ్ల మరమ్మతుల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది.

మన దూలంలో 10 మి.మీ. మందం, 200 లోతు ప్లేటు పెట్టామనుకుందాం. బరువులో కర్ర ఎంత మోస్తుంది, ఉక్కు ఎంత? ప్లేటు మందం పది, కర్ర నూట యాభై కాబట్టి ఎక్కువ భాగం కర్రదే అనిపిస్తుంది. అక్కడే పొరపాటు.

ఒకే కాడికి కట్టిన రెండు ఎద్దుల్లో ఒకటి బలిసినది, ఒకటి బక్కది అయినా రెండూ ఒకే దూరం నడవాల్సిందే. బోల్టులు బిగిసిన దూలమూ అంతే. వంగినప్పుడు ఒకే ఎత్తులో ఉన్న కర్రా ఉక్కూ సరిగ్గా ఒకే మేరకు సాగుతాయి. కానీ అంతే సాగడానికి ఉక్కుకు కావలసిన బలం చాలా ఎక్కువ. ఉక్కు స్థితిస్థాపక గుణకం సుమారు 2,00,000, టేకుది సుమారు 10,000. నిష్పత్తి 20. ఏ ఎత్తులో చూసినా పక్కనున్న కర్రలోకన్నా ఉక్కులో ప్రతిబలం ఇరవై రెట్లు ఉంటుంది. మొత్తం లెక్కకు తాళంచెవి ఇదొక్కటే.

ఇక ఉక్కును కాగితం మీద కర్రగా మార్చేస్తారు. లోతు ముట్టుకోకుండా వెడల్పును మాత్రమే 20 రెట్లు చేస్తారు. 10 మి.మీ. ప్లేటు 200 మి.మీ. వెడల్పు కర్ర అవుతుంది. నిజమైన కర్ర 150 కలిపితే 350 వెడల్పు, 200 లోతున్న ఒకే టేకు మొద్దు మన ముందుంటుంది. దాని అంచు ప్రతిబలానికి అందరికీ తెలిసిన సూత్రమే:

f = M × y / I

ఇందులో M బెండింగ్ మూమెంటు, y నడుమ గీత నుంచి అంచుకు దూరం, అంటే 100 మి.మీ. I వంపును అడ్డుకునే ఆకారపు కొలత, ఇక్కడ 23.3 కోట్ల మి.మీ. నాలుగో ఘాతం. కర్ర అంచున 6.9 న్యూటన్లు వస్తుంది. ఊహలో కర్ర చేసిన ఉక్కును మళ్లీ ఉక్కుగా చదవాలి కాబట్టి 20తో గుణిస్తే 137. పరీక్షల్లో పిల్లలు ఈ చివరి గుణకారం మరిచి ఉక్కులోనూ 6.9 అని రాసేస్తుంటారు.

మైల్డ్ స్టీలుకు 165 వరకు ఒప్పుకుంటారు కనుక ఉక్కు గట్టెక్కింది. కర్రలో ప్రతిబలం సగానికి పైగా తగ్గింది. వంపు 11 మి.మీ.కు దిగింది. పదిలో దాదాపు ఆరు పాళ్లు ఆ సన్నని ప్లేటే మోస్తోంది. మరి ప్లేటు ఒక్కటే పెడితే? దానిలో 240 న్యూటన్లు వస్తుంది, ఉక్కు లొంగిపోయే 250కి అంచున. అంతకు ముందే అది పక్కకు మెలి తిరుగుతుంది. దాన్ని నిలువుగా నిలబెట్టేవి రెండు వైపులా ఉన్న టేకు బద్దలే.

పాఠ్యపుస్తకం సాధారణంగా ఇక్కడితో ఆగుతుంది. ఇల్లు ఆగదు. కర్ర ఏళ్ల తరబడి బరువు మోస్తే మెల్లగా లొంగుతూ పోతుంది, దాన్నే క్రీప్ అంటారు. ఉక్కుకు మామూలు వేడిలో ఆ గుణం లేదు. కదలని బరువు కింద టేకు గుణకం సగానికి పడిపోయినట్టు లెక్కిస్తే నిష్పత్తి 20 కాదు, 40. అప్పుడు ప్లేటు 400 మి.మీ. కర్రకు సమానం. మళ్లీ లెక్క వేస్తే కర్రలో 4.4 న్యూటన్లే, ఉక్కులో 175. మొదటి రోజు 137తో నిశ్చింతగా ఉన్న ప్లేటు కొన్నేళ్లకు హద్దు దాటింది. పైకి దూలం అలాగే ఉంటుంది, లోపల బరువు మాత్రం కర్ర భుజం మీంచి ఉక్కు భుజానికి మారిపోయింది. బరువంతా శాశ్వతమైనది కాకపోవచ్చు, కాబట్టి ఇది కాస్త గట్టి లెక్కే. అయినా అటకలు ఖాళీగా ఉండటం మన ఇళ్లలో నేనెప్పుడూ చూడలేదు.

అందుకే ప్లేటు 12 మి.మీ. తీసుకుని, లోతు 190కి తగ్గిస్తాను. పైనా కిందా అయిదేసి మి.మీ. వదలడం వృథా కాదు. కర్ర ఆరినకొద్దీ అడ్డంగా కుంచించుకుపోతుంది, ఉక్కు కుంచించుకోదు. రెండూ సమానంగా కోసి పెడితే రెండో వేసవికి ప్లేటు అంచు కర్రకన్నా పైకి తేలి, వాసాలన్నీ ఆ కత్తి మీద కూర్చుంటాయి. నిష్పత్తి 40 తీసుకున్నా ఈ ప్లేటులో 162 న్యూటన్లే, హద్దులోపలే.

ఈ లెక్కంతా మూడు ముక్కలూ ఒక్కటిగా వంగుతాయన్న నమ్మకం మీద నిలబడింది. వాసాల బరువు దిగేది కర్ర మీద. ఉక్కు వాటా ఉక్కుకు చేరేది బోల్టుల గుండానే. 400 మి.మీ.కు ఒకటి చొప్పున, ఒకటి పైకి ఒకటి కిందికి వచ్చేలా వేస్తే, క్రీప్ తర్వాత ఒక్కో బోల్టు దాదాపు 240 కిలోలు దాటించాలి. ప్లేటు గోడ మీద కూర్చోకుండా కర్ర మాత్రమే కూర్చునే చోట చివరి బోల్టుల పని ఇంకా పెద్దది. ఉక్కు మోసిన సుమారు 1,200 కిలోలనూ తిరిగి కర్రకు అప్పగించాలి. అక్కడ ఒకటి చాలదు. నడిమధ్యన మాత్రం అడుగు అంచుకు దగ్గరగా రంధ్రం పెట్టకూడదు, కర్ర అన్నిటికన్నా ఎక్కువ సాగేది అక్కడే.

రంధ్రం బోల్టుకన్నా మరీ వదులైతే, ఆ ఖాళీ నిండేదాకా కర్ర ఒంటరిగానే వంగుతుంది. అలా జరిగిందో లేదో దూలం చెబుతుంది. వాషర్లు కర్రలోకి దిగబడటం, రంధ్రం నుంచి నారవెంట సన్నని చీలిక పాకడం, బద్దకూ ప్లేటుకూ మధ్య గోరు దూరేంత సందు రావడం చూడండి. పచ్చి కర్ర వాడితే ఇవి తొందరగా కనిపిస్తాయి. ఆరిన టేకైనా మొదటి ఎండాకాలం గడిచాక నట్లన్నీ ఒకసారి మళ్లీ బిగించాలి. అందుకని నట్లను పలకలతో మూసేయకుండా, స్పానరు అందేలా ఒక వైపు తెరిచి ఉంచమని వడ్రంగికి ముందే చెప్పుకోవాలి.