ముప్పై మెయిళ్లలో మిగిలిన పనులు

గోడౌన్‌కు జనరేటర్ కొనే విషయమై ఒక సంస్థలో మెయిళ్లు మొదలయ్యాయనుకుందాం. పర్చేజ్, అకౌంట్స్, సైట్ ఇంజనీరు, డీలరు కలిసి మూడు వారాల్లో ముప్పై మెయిళ్లు రాసుకున్నారు. మేనేజరు గారికి ఉన్నది ఐదు నిమిషాలే. ఇంకా ఏం మిగిలిందో తెలిస్తే ఆయనకు చాలు.

ఇలాంటప్పుడు చాలామంది చివరి మెయిల్ చూసి వదిలేస్తారు. మొదటి నుంచి చదవడమే మేలు. ఎవరు ఏ పని అడిగినా, ఎవరు ఏ మాట ఇచ్చినా తేదీతో సహా కాగితం మీద రాసుకోవాలి. ఆ పని అయినట్టు తర్వాతి మెయిల్‌లో కనిపిస్తే కొట్టేయాలి. చివరికి మిగిలినవే పెండింగ్. పొరపాట్లన్నీ ఈ కొట్టేయడంలోనే జరుగుతాయి. ‘ఓకే’, ‘చూస్తాం’ అన్నంత మాత్రాన పని అయినట్టు కాదు. కొందరు కొత్త మెయిల్ రాయకుండా పాత మెయిల్‌లోని ప్రశ్నల కిందే జవాబులు రాస్తారు. జీమెయిల్ ఆ పాత భాగాన్ని మూడు చుక్కల వెనక దాచేస్తుంది కాబట్టి దాన్ని తెరిచి చూడాలి. సబ్జెక్ట్ మారితే మెయిల్ వేరే వరసలోకి పోతుంది, అక్కడా వెతకాలి.

మన జనరేటర్ సంగతే చూద్దాం. డీలరు జీఎస్టీ నంబరు కావాలని అకౌంట్స్ రెండుసార్లు అడిగింది. డీలరు ఎప్పుడో ఇచ్చాడు, కానీ పర్చేజ్ వాళ్లొక్కరికే. ఆ మెయిల్‌ను అకౌంట్స్‌కు ఫార్వర్డ్ చేస్తే సరిపోతుంది, మేనేజరు దాకా వెళ్లనక్కర్లేదు. ఫౌండేషన్ సోమవారానికి పూర్తవుతుందన్న ఇంజనీరు, తర్వాత వానల వల్ల ఆగిందని రాశాడు. కొత్త తేదీ చెప్పలేదు. అడ్వాన్స్ గురించి అడిగితే మేనేజరే ‘చూసి చెబుతా’ అన్నారు. విద్యుత్ తనిఖీ అనుమతి ఎవరు చూస్తున్నారని ఒకరు అడిగిన ప్రశ్నకు జవాబే లేదు.

ఆయనకు పంపాల్సింది ఇంతే:

మీరు: 30 శాతం అడ్వాన్స్‌కు ఆమోదం. జూన్ 20తో కొటేషన్ గడువు ముగుస్తుంది. (జూన్ 9 మెయిల్)

సైట్ ఇంజనీరు: ఫౌండేషన్ పూర్తి చేయాలి. కొత్త తేదీ ఇవ్వలేదు. (జూన్ 12 మెయిల్)

ఎవరూ తీసుకోలేదు: విద్యుత్ తనిఖీ అనుమతి. (జూన్ 14 మెయిల్)

మేనేజరు నిర్ణయం కోసం ఆగిన పని ముందుండాలి. ‘రేపు’, ‘వచ్చే వారం’ అన్న మాటలను, మెయిల్ వచ్చిన రోజును బట్టి అసలు తేదీలుగా మార్చాలి. తేదీ ఇవ్వకపోతే ఇవ్వలేదనే రాయాలి, మన ఊహతో నింపకూడదు. అన్నిటికన్నా విలువైనది మూడో వరుస. ఇంజనీరే చూస్తాడులే అని అక్కడ అతని పేరు రాసేస్తే, ఆ పనికి మనిషి లేడన్న సంగతి మేనేజరుకు తెలియకుండా పోతుంది.

జాబితా పంపేటప్పుడు అందులో పని ఉన్నవాళ్లకూ కాపీ పెట్టండి. ఈలోగా ఫోన్‌లో తేలిపోయిన పనులేవైనా ఉంటే వాళ్లే చెబుతారు.