రబ్బరు స్టాంపు ఆమోదం

పరిశీలకుడు దస్త్రాన్ని చదవకుండానే సంతకం చేయడాన్ని రబ్బరు స్టాంపు ఆమోదం అంటారు.

ఉదాహరణ

అమెరికాకు చెందిన సిగ్నా ఆరోగ్య బీమా కంపెనీలో ఇటువంటి ఉదంతాన్ని ప్రోపబ్లికా వార్తాసంస్థ 2023లో వెల్లడించింది. రోగనిర్ధారణకూ, చేసిన పరీక్షకూ పొంతన లేని క్లెయిములను కంప్యూటరు గుర్తించేది. వైద్యులు వాటి తిరస్కరణను ఒకేసారి గుంపుగా ఆమోదించేవారు. 2022లో రెండు నెలల్లో 3 లక్షలకు పైగా క్లెయిములు ఈ విధంగా తిరస్కరింపబడ్డాయి. ఒక్కొక్క దానికి సగటున పట్టిన సమయం 1.2 సెకన్లు, అనగా నిమిషానికి 50 క్లెయిములు. దస్త్రాన్ని తెరవడానికి కూడా ఈ వ్యవధి చాలదు. ఈ పద్ధతి మామూలు పరీక్షల చెల్లింపులను త్వరపరచడానికేనని కంపెనీ వాదించింది.

గుర్తించే విధానం

పర్యవేక్షకుడు సగటు సమయాన్ని మాత్రమే చూస్తే మోసపోవచ్చు. 49 దస్త్రాలు రెండేసి సెకన్లలో ఆమోదం పొంది, ఒక దస్త్రం గంటసేపు తెరిచి ఉంటే సగటు 74 సెకన్లు వస్తుంది; మధ్యగతం మాత్రం 2 సెకన్లే. కనుక మధ్యగతాన్ని దస్త్రం నిడివితో పోల్చాలి. పెద్ద దస్త్రానికీ చిన్నదానికీ ఒకే సమయం పడితే అది చదవలేదనడానికి సూచన. జత పత్రాలు తెరిచారా, ప్రశ్నలు అడిగారా, ఎన్ని తిప్పి పంపారు అన్నవి ఇతర సూచికలు.

పరిమితులు

సమయాన్ని కొలుస్తున్నారని తెలిస్తే పరిశీలకుడు దస్త్రాన్ని ఊరికే తెరిచి ఉంచవచ్చు. అందువలన తెలిసిన తప్పులున్న దస్త్రాలను మధ్యలో కలిపి, వాటిలో ఎన్నింటిని పట్టుకున్నారో లెక్కించడం ఎక్కువ నమ్మదగినది. అయితే ఆ దస్త్రాలు అసలువాటి మాదిరిగానే కనిపించాలి. పరీక్ష ముగిశాక వాటిని తప్పక వెనక్కు తీయాలి.